కొన్న గేమ్‌నే మళ్లీ కొనకుండా

సెలెస్ట్ అని ఒక గేమ్ ఉంది. కొండ శిఖరం చేరాలనుకునే ఒక అమ్మాయి కథ. 2018 జనవరిలో విడుదలైంది. మరుసటి ఏడాది ఎపిక్ గేమ్స్ స్టోర్ దాన్ని ఒక వారం పాటు ఉచితంగా పంచింది. 2020 జూన్‌లో ఇచ్ డాట్ ఐఓ అనే ఇంకో స్టోర్, జాతి వివక్షకు వ్యతిరేకంగా పనిచేసే సంస్థల కోసం ఒక పెద్ద విరాళాల బండిల్ పెట్టింది. కనీసం 5 డాలర్లు ఇచ్చిన వాళ్లకు 1,700కు పైగా గేమ్‌లు, గేమ్ సామగ్రి ఇచ్చేసింది. సెలెస్ట్ అందులోనూ ఉంది. ఈ రెండూ అందుకున్న మనిషి ఇప్పుడు స్టీమ్ సేల్‌లో సెలెస్ట్ పేజీ తెరిస్తే కనిపించేది తగ్గించిన ధర, కొనమనే బటన్. ఇది నీ దగ్గర ఇప్పటికే రెండు చోట్ల ఉంది కదా అని స్టీమ్ అనదు. అనలేదు కూడా. తన దగ్గర కొన్నవి తప్ప దానికి ఇంకేమీ తెలియదు.

కంప్యూటర్‌లో గేమ్‌లు ఆడేవాళ్లకు ఇది చాలా మామూలు ఇబ్బంది. స్టీమ్, ఎపిక్, జీఓజీ, ఇచ్, హంబుల్ బండిల్, యుబిసాఫ్ట్ కనెక్ట్, ఈఏ యాప్, మైక్రోసాఫ్ట్ స్టోర్... ఒక్కో చోట ఒక్కో ఖాతా, ఒక్కో లైబ్రరీ. ఒకే స్టోర్‌లో ఒకే గేమ్‌ను మీ కోసమే రెండోసారి కొనడం దాదాపు అసాధ్యం. మీ లైబ్రరీలో ఉందని స్టోరే చూపిస్తుంది, కొననివ్వదు. డబ్బు పోయేది రెండు స్టోర్ల మధ్య సందులోనే. డబ్బిచ్చి కొన్నవి ఎంతోకొంత గుర్తుంటాయి. ఉచితంగా వచ్చినవే గుర్తుండవు. ఎపిక్ 2018 డిసెంబర్‌లో మొదలైనప్పటి నుంచీ ఉచిత గేమ్‌లు ఇస్తూనే ఉంది. ఇప్పుడు ప్రతి గురువారం మన టైమ్ ప్రకారం వేసవిలో రాత్రి ఎనిమిదిన్నరకు, చలికాలంలో తొమ్మిదిన్నరకు కొత్తది పెడుతుంది. బటన్ నొక్కి తీసుకుంటాం, ఇన్‌స్టాల్ చేయం, రెండేళ్ల తర్వాత ఆ పేరు మన లైబ్రరీలో ఉందన్న సంగతే మర్చిపోతాం. అందుకే ఉచితాలు వద్దనుకోని వాళ్లకే ఈ జాబితా ఎక్కువ అవసరం.

జాబితా అనగానే చాలామంది ఒక షీట్ తెరిచి గేమ్‌ల పేర్లు వరుసగా రాయడం మొదలుపెడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. పేరు ఎదురుగా ‘స్టీమ్’ అని రాస్తారు. తర్వాత అదే గేమ్ ఎపిక్‌లో వస్తే అదే గడిలో ‘స్టీమ్, ఎపిక్’ అని చేరుస్తారు. ఇంకొన్నాళ్లకు ఏది కొన్నది, ఏది ఉచితంగా వచ్చింది, ఏది ఇంకా వాడని కీ అన్నది ఎవరికీ తెలియని గడిగా మిగులుతుంది. షీట్‌లో ఒక వరుస అంటే ఒక గేమ్ అనుకోకూడదు. ఒక వరుస అంటే ఒక కాపీ, అంటే ఒక చోట మీకు దక్కిన ఒక లైసెన్స్. సెలెస్ట్ రెండు చోట్ల ఉంటే రెండు వరుసలు ఉండాలి. అప్పుడే రెండు సార్లు వచ్చినవాటిని లెక్కపెట్టే పని షీట్‌కు వదిలేయొచ్చు.

కాలమ్‌లు ఆరు చాలు: గేమ్ పేరు, స్టోర్, ఎలా వచ్చింది, ఏ ఏడాది, ఎంత పెట్టారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. ‘ఎలా వచ్చింది’ అన్న దాంట్లో కొన్నది, ఉచితం, బండిల్, బహుమతి, చందా అన్న ఐదు మాటలే వాడండి. చందా అంటే గేమ్ పాస్ లాంటివి. అవి మీవి కావు. చందా ఆగినా, ఆ గేమ్‌ను అక్కడి నుంచి తీసేసినా మీ చేతిలో ఏమీ ఉండదు. వాటిని రాసుకోవచ్చు గానీ కొన్న వాటితో కలిపి లెక్కపెట్టకూడదు. చివరిదైన ‘స్థితి’ కాలమ్ చూడ్డానికి చిన్నదే అయినా, ఎక్కువ డబ్బు మిగిల్చేది అదే. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

సెలెస్ట్ వరుసలు ఇలా ఉంటాయి:

```
Celeste | Epic    | free   | 2019 | 0  | claimed
Celeste | itch.io | bundle | 2020 | 5$ | not claimed
```

రెండో వరుస చివర ఉన్న మాట చూడండి. ఇచ్ బండిల్ కొన్నవాళ్లలో చాలామందికి తెలియని సంగతి అది. ఆ బండిల్‌లోని గేమ్‌లు వాటంతట అవే మీ లైబ్రరీలోకి రావు. బండిల్ పేజీకి వెళ్లి, పేజీలు పేజీలుగా ఉన్న జాబితాలో మీకు కావలసిన గేమ్ దగ్గర డౌన్‌లోడ్ బటన్ నొక్కితేనే అది మీ లైబ్రరీలో చేరుతుంది. అన్ని వందల పేర్లను లైబ్రరీలో గుమ్మరిస్తే ఎవరికీ ఏమీ కనిపించదు కాబట్టి అలా పెట్టడంలో అర్థం ఉంది. కానీ ఫలితం ఏమిటంటే, ఇచ్ లైబ్రరీలో వెతికితే సెలెస్ట్ కనిపించదు. లైబ్రరీని చదివే ఏ సాఫ్ట్‌వేర్‌కూ కనిపించదు. డబ్బు కట్టేశారు, గేమ్ మీదే, అయినా ఎక్కడా లేదు.

హంబుల్ లాంటి చోట కొన్న బండిల్‌ల సంగతీ ఇదే. పది గేమ్‌ల బండిల్ కొంటారు. అందులో మూడింటి కోసమే కొన్నారు కాబట్టి ఆ మూడు కీలే స్టీమ్‌లో వేసుకుంటారు. మిగతా ఏడు కీలు కొన్న చోటే పడి ఉంటాయి. స్టీమ్ దృష్టిలో ఆ ఏడూ మీవి కావు కాబట్టి సేల్‌లో దర్జాగా అమ్ముతుంది. పైగా కొన్ని బండిల్‌ల కీలకు గడువు ఉంటుంది, అది దాటితే కీ పనికిరాదు. అందుకే స్థితి కాలమ్‌లో ‘కీ వాడలేదు’ అన్న మాట ఉండాలి, గడువు ఉంటే ఆ తేదీ ఉండాలి. కీ అక్షరాలను మాత్రం షీట్‌లో రాయకండి. షీట్‌ను ఎవరితోనైనా పంచుకున్న రోజు ఆ కీలు కూడా పంచినట్టే. కీ ఏ స్టోర్‌లో, ఏ బండిల్ పేరు మీద ఉందో రాస్తే చాలు.

ఒకవేళ ఇప్పటికే ఉన్న గేమ్ కీనే స్టీమ్‌లో వేశారనుకోండి, కంగారు పడనక్కర్లేదు. ఇది మీ దగ్గర ఉందని స్టీమ్ చెబుతుంది, కీ చెక్కుచెదరదు. దాన్ని స్నేహితుడికి ఇవ్వొచ్చు. బయట కొన్న కీని స్టీమ్‌లో వేసుకున్నాక డబ్బు వెనక్కి ఇమ్మంటే మాత్రం స్టీమ్ ఇవ్వదు, ఎందుకంటే ఆ డబ్బు దానికి చేరలేదు.

ఇక పేర్లు నింపడం. వందల పేర్లు చేత్తో కొట్టడం ఎవరివల్లా కాదు, ఆ అవసరం కూడా లేదు. స్టీమ్‌లో మీ ఖాతా వివరాల్లో లైసెన్సుల పేజీ ఒకటి ఉంటుంది. బ్రౌజర్‌లో ఈ చిరునామా కొడితే నేరుగా తెరుచుకుంటుంది:

```
store.steampowered.com/account/licenses/
```

అందులో తేదీ, పేరు, ఎలా వచ్చింది అన్న మూడు వివరాలూ పట్టికగా ఉంటాయి. మొత్తం ఎంచి, కాపీ చేసి, షీట్‌లో అతికిస్తే మూడు కాలమ్‌లుగానే పడుతుంది. అయితే ఒక చిన్న తిరకాసు. ఉచితంగా వచ్చిన వాటి పక్కన వాటిని తీసేయడానికి Remove అనే లింక్ ఉంటుంది. అతికించినప్పుడు ఆ మాట కూడా పేరుకు అంటుకుని వస్తుంది. వెతికి మార్చే పద్ధతిలో దాన్ని ముందే ఊడ్చేయకపోతే ఆ గేమ్‌లు తర్వాత దేనితోనూ జత కుదరవు. ఇంకో సంగతి, ఆ పేజీలో ఉండేవి గేమ్‌ల పేర్లు కావు, లైసెన్సుల పేర్లు. ఐదు గేమ్‌ల ప్యాక్ కొంటే ప్యాక్ పేరు ఒక్కటే ఉండొచ్చు. డెమోలు, ఎవరికైనా ఉచితంగా దొరికే గేమ్‌లు కూడా అందులోనే కలిసి ఉంటాయి. కాబట్టి ఎప్పుడు, ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి అది మంచి ఆధారం. ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి మాత్రం సరిపోదు.

ఆ రెండో పనికి లైబ్రరీ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. వాటిలో విండోస్‌లో పనిచేసే ప్లేనైట్ నాకు అన్నిటికంటే నచ్చింది. ఉచితం, ఓపెన్ సోర్స్, జాబితా మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఒక్కో స్టోర్‌కు ఒక్కో యాడ్-ఆన్ వేసుకుని, దాని సెట్టింగ్స్‌లో మీ ఖాతాతో లాగిన్ అవుతారు. అది అక్కడి గేమ్‌లన్నీ తెచ్చి ఒకే చోట పేరుస్తుంది. ఇక్కడ చాలామంది తడబడేది ఒక టిక్ దగ్గర. ఇన్‌స్టాల్ చేయని గేమ్‌లను కూడా తెమ్మని చెప్పే టిక్ పెట్టకపోతే ఇప్పుడు మీ హార్డ్ డిస్క్‌లో ఉన్నవి మాత్రమే వస్తాయి. నాలుగు వందలు ఉండాల్సిన చోట పదిహేను కనిపిస్తే కారణం అదే. ఇంకో కారణం స్టీమ్ గోప్యత సెట్టింగ్ కావొచ్చు. 2018 ఏప్రిల్ నుంచి స్టీమ్‌లో ఎవరి గేమ్‌ల జాబితా అయినా మామూలుగా ఇతరులకు కనిపించదు. బయటి సాఫ్ట్‌వేర్ ఆ జాబితా చదవాలంటే మీరు లాగిన్ ద్వారా అనుమతి ఇవ్వాలి, లేదా ఆ సెట్టింగ్‌ను బహిరంగం చేయాలి.

ప్లేనైట్‌కు ఒక గుణం ఉంది. ఒకే గేమ్ స్టీమ్‌లోనూ ఎపిక్‌లోనూ ఉంటే వాటిని కలిపేయకుండా పక్కపక్కన రెండుగా చూపిస్తుంది. బొమ్మల గోడ అందంగా కనిపించాలనుకునే వాళ్లకు ఇది చిరాకు. కలిపి చూపించే పనికి వేరే యాడ్-ఆన్ ఉంది. కానీ మన పనికి అలా రెండుగా ఉండటమే మేలు, ఎందుకంటే ఒక వరుసకు ఒక కాపీ అన్న మన లెక్కా అదే. జీఓజీ వాళ్ల గెలాక్సీ 2.0 దీనికి భిన్నం. అది ఒకే గేమ్‌గా చూపించి, ఎక్కడెక్కడ ఉందో గుర్తులు పెడుతుంది. చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే అందులో ఇతర స్టోర్లను కలిపే భాగాలు చాలావరకు వాడుకరులు ఇష్టంతో రాసి నిర్వహిస్తున్నవి. ఏదైనా స్టోర్ తన లాగిన్ పద్ధతి మారిస్తే ఎవరో ఒకరు సరిచేసే దాకా అది ఆగిపోతుంది. లైనక్స్‌లోనూ స్టీమ్ డెక్‌లోనూ ఆడేవాళ్లకు హీరోయిక్ గేమ్స్ లాంచర్ ఉంది, ఎపిక్, జీఓజీ, అమెజాన్ లైబ్రరీలను అది చదువుతుంది.

ఆగిపోవడం కంటే, ఆగిపోయిందని తెలియకపోవడం ప్రమాదం. లాగిన్ గడువు తీరినా, యాడ్-ఆన్ చెడిపోయినా పాత జాబితా తెర మీద అలాగే ఉంటుంది. అన్నీ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన గేమ్‌లు మాత్రమే అందులో చేరవు. కనిపెట్టడానికి తేలిక దారి ఒకటి ఉంది. ఎపిక్‌లో మీరు ఆఖరిసారి ఉచితంగా తీసుకున్న గేమ్ పేరు మేనేజర్‌లో వెతకండి. దొరికితే లంకె బతికే ఉంది. దొరకకపోతే మళ్లీ లాగిన్ అవ్వాలి. సేల్ సీజన్ ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలు.

పేర్లతో తంటా

మేనేజర్ తెచ్చిన పేర్లను ఎక్స్‌పోర్ట్ యాడ్-ఆన్‌తో ఫైల్‌గా తీసి షీట్‌లో వేస్తే అసలు కష్టం బయటపడుతుంది. ఒకే గేమ్‌ను ఒక్కో స్టోర్ ఒక్కోలా రాస్తుంది. ఒకచోట పేరు చివర ట్రేడ్‌మార్క్ గుర్తు, ఇంకోచోట ఉండదు. ఒకచోట కోలన్, ఇంకోచోట గీత. అపాస్ట్రఫీ ఒకచోట నిటారుగా, ఇంకోచోట వంకరగా. కంటికి ఒకటే, షీట్‌కు మాత్రం వేరువేరు. అందుకే ఏడో కాలమ్ ఒకటి పెట్టి, పేరులోని అక్షరాలూ అంకెలూ తప్ప మిగతావన్నీ తీసేసిన ‘పొట్టి పేరు’ను షీట్ చేతే రాయించాలి. గూగుల్ షీట్స్‌లో G2 గడిలో ఇది కొట్టి కిందికి లాగండి:

```
=REGEXREPLACE(LOWER(A2),"[^a-z0-9]","")
```

ఇప్పుడు ఖాళీలు, గుర్తులు, చుక్కలు, పెద్ద చిన్న అక్షరాల తేడాలు అన్నీ పోయి S.T.A.L.K.E.R. అన్నా STALKER అన్నా ఒకటే అవుతుంది. తర్వాత కండిషనల్ ఫార్మాటింగ్‌లో కింది సూత్రం ఇస్తే రెండు సార్లు వచ్చిన ప్రతి వరుసకూ రంగు పడుతుంది.

```
=AND($G2<>"",COUNTIF($G:$G,$G2)>1)
```

రంగు పడిన వరుసలు చూసి మొదటిసారి చాలామంది నిట్టూరుస్తారు. కానీ వాటన్నిటికీ డబ్బు పోయినట్టు కాదు. స్టీమ్‌లో కొన్న యుబిసాఫ్ట్ గేమ్‌లను తీసుకోండి. అవి నడవాలంటే యుబిసాఫ్ట్ కనెక్ట్ కూడా కావాలి కాబట్టి అదే లైసెన్స్ ఆ లైబ్రరీలోనూ కనిపిస్తుంది. మేనేజర్ రెండు చోట్ల నుంచీ తెస్తుంది, షీట్ రెండుగా లెక్కిస్తుంది. కొన్నది మాత్రం ఒక్కసారే. ఇలాంటి వాటిలో స్టీమ్ వరుసను ఉంచి, రెండోదాని స్థితిలో ‘స్టీమ్ నీడ’ అని రాసుకుంటే సరి. తీసేస్తే లాభం లేదు, మళ్లీ తెచ్చినప్పుడు మళ్లీ వస్తుంది.

బయోషాక్‌ను పూర్తిగా విప్పి చూస్తే ఈ పేర్ల తంటా అంతా ఒకేచోట కనిపిస్తుంది. 2007 నాటి మొదటి బయోషాక్‌ను స్టీమ్‌లో కొన్నవాళ్లకు 2016లో రీమాస్టర్డ్ వెర్షన్ ఉచితంగా చేరింది. కాబట్టి ఒక్క కొనుగోలుకు లైబ్రరీలో రెండు పేర్లు. 2022 మేలో ఎపిక్ బయోషాక్ కలెక్షన్‌ను ఉచితంగా ఇచ్చింది. అందులో మొదటి రెండు భాగాల రీమాస్టర్డ్‌లు, మూడోదైన ఇన్ఫినిట్ కంప్లీట్ ఎడిషన్ ఉన్నాయి. మొదటి, మూడో భాగాల పొట్టి పేర్లు షీట్‌లో ఇలా వస్తాయి:

```
bioshock                          Steam
bioshockremastered                Steam
bioshockremastered                Epic
bioshockinfinite                  Steam
bioshockinfinitecompleteedition   Epic
```

షీట్ రంగు వేసేది రెండో, మూడో వరుసలకే. మొదటి వరుస ఒంటరిగా మిగిలిపోతుంది, అది పాత వెర్షన్ కాబట్టి ఫర్వాలేదు. కానీ ఇన్ఫినిట్ రెండు వరుసలూ ఒకే గేమ్ అని షీట్‌కు తెలియదు. ఇలాంటప్పుడు చాలామంది ఎడిషన్, కంప్లీట్, రీమాస్టర్డ్ లాంటి మాటలను సూత్రంతోనే కత్తిరించేయాలని చూస్తారు. నేనైతే వద్దంటాను. స్కైరిమ్ 2011లో వచ్చింది, దాని స్పెషల్ ఎడిషన్ 2016లో. స్టీమ్‌లో అవి రెండూ వేరు సరుకులు. డార్క్ సోల్స్ పాత ఎడిషన్ ఉన్నవాళ్లకు 2018 నాటి రీమాస్టర్డ్ ఉచితంగా రాలేదు, ధర మాత్రం తగ్గింది. ఆ మాటలు కత్తిరిస్తే నిజంగా వేరైనవి కూడా ఒకటై కూర్చుంటాయి, అప్పుడు కొనాల్సిన దాన్ని కొనకుండా వదిలేస్తారు. దాని బదులు ఎనిమిదో కాలమ్ ఒకటి పెట్టి, ఎడిషన్‌ల గొడవ ఉన్న గేమ్‌లకు మాత్రమే అసలు పేరు చేత్తో రాసుకోవడం మంచిది. అలాంటివి ఎవరి లైబ్రరీలోనైనా కొద్దిగానే ఉంటాయి. రోమన్ అంకెల సంగతీ అంతే. ఒకచోట VI అని, ఇంకోచోట 6 అని ఉంటే సూత్రం పట్టుకోలేదు, చెయ్యి పెట్టాల్సిందే.

తెలిసే రెండోసారి కొనడం

రెండోసారి కొన్న ప్రతిదీ తప్పు కాదు. సివిలైజేషన్ 6ను ఎపిక్ 2020 మేలో ఉచితంగా ఇచ్చింది. వచ్చింది మూల గేమ్ మాత్రమే. ఆ గేమ్‌కు ప్రాణం పోసినవి 2018లో వచ్చిన రైజ్ అండ్ ఫాల్, 2019లో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్ అనే విస్తరణలు. గేమర్‌ల భాషలో డీఎల్‌సీలు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే డీఎల్‌సీ తన స్టోర్ దాటదు. స్టీమ్‌లో గ్యాదరింగ్ స్టార్మ్ ఎంత చవగ్గా దొరికినా అది మీ ఎపిక్ కాపీకి అతకదు. దానికి స్టీమ్‌లోనే మూల గేమ్ ఉండాలి.

కాబట్టి షీట్‌లో సివిలైజేషన్ 6 ఎపిక్‌లో ఉందని చూసి, ఇక స్టీమ్ వైపు తిరగకూడదనుకోవడం కూడా తొందరపాటే. పోల్చాల్సింది రెండు మొత్తాలను. ఎపిక్‌లో రెండు డీఎల్‌సీలకు అయ్యే ధర ఒకటి, స్టీమ్‌లో మూల గేమ్‌తో కలిపి అన్నీ ఉన్న ప్యాక్ ధర ఇంకొకటి. సేల్‌లో రెండోది తక్కువైతే మళ్లీ కొనడమే లాభం. దాన్ని షీట్‌లో రాసేటప్పుడు ‘డీఎల్‌సీ కోసం’ అని ఒక మాట చేరిస్తే, తర్వాత రంగు పడిన వరుస చూసి అనుమానం రాదు. అసలు డీఎల్‌సీలకు కూడా ఒక్కోదానికి ఒక్కో వరుస ఉండాలంటాను. ఏ గేమ్ డీఎల్‌సీలు ఏ స్టోర్‌లో పేరుకున్నాయో తెలిస్తే, ఆ గేమ్‌కు సంబంధించి ఇకపై ఎక్కడ కొనాలో అదే తేల్చేస్తుంది.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడేవాళ్లుంటే లెక్క ఇంకొంచెం మారుతుంది. 2024 సెప్టెంబర్ నుంచి స్టీమ్ ఫ్యామిలీస్ అనే ఏర్పాటు అందరికీ వచ్చింది. ఒకే ఇంట్లో ఉండే ఆరుగురి దాకా ఒక కుటుంబంగా చేరొచ్చు, ఒకరి గేమ్‌లు ఇంకొకరు ఆడుకోవచ్చు. తమ్ముడు కొన్న గేమ్‌ను అన్నయ్య మళ్లీ కొనక్కర్లేదన్నమాట. కానీ ఒక కాపీని ఒక సమయంలో ఒకరే ఆడగలరు. ఇద్దరూ కలిసి ఆడే గేమ్ అయితే రెండు కాపీలు కావాల్సిందే. ఇలాంటి ఇళ్లలో షీట్‌కు ‘ఎవరిది’ అన్న కాలమ్ ఉంటే బాగుంటుంది. పంచుకోవడానికి ఒప్పుకోని గేమ్‌లు కూడా కొన్ని ఉంటాయి. ఆ సంగతి గేమ్ స్టోర్ పేజీలోనే తెలుస్తుంది కాబట్టి, తమ్ముడి దగ్గర ఉందని నమ్ముకునే ముందు అక్కడ ఒకసారి చూడండి.

ఇంత చేసినా, కొనే నిమిషంలో షీట్ తెరవకపోతే వృథా. సేల్ రోజుల్లో ఫోన్‌లో ధర చూసి అక్కడికక్కడే యూపీఐతో కట్టేసే అలవాటు మనది. కాబట్టి వెతకడం తేలిగ్గా ఉండాలి. షీట్‌లో J1 గడిని వెతుకులాటకు వదిలేసి, J3లో ఇది రాయండి:

```
=FILTER(A2:F,REGEXMATCH(G2:G,REGEXREPLACE(LOWER(J1),"[^a-z0-9]","")))
```

ఇప్పుడు J1లో పేరులో కొంత ముక్క కొడితే చాలు, ఆ ముక్క ఉన్న కాపీలన్నీ స్టోర్, స్థితితో సహా కింద పడతాయి. bioshock అని కొడితే పైన చూసిన ఐదు వరుసలూ వస్తాయి, ఎడిషన్ గొడవ కూడా కంటికే తెలుస్తుంది. ఏమీ లేకపోతే #N/A అని కనిపిస్తుంది, అంటే షీట్‌కు తెలిసినంతలో మీ దగ్గర లేదని అర్థం. ఇన్‌సైడ్, కంట్రోల్ లాంటి మామూలు మాటలే పేరైన గేమ్‌లకు సంబంధం లేనివి కూడా కొన్ని రావొచ్చు, వాటిని దాటేయడమే. షీట్ తెరవడం కూడా బద్ధకమైతే ఈజ్ దేర్ ఎనీ డీల్ అనే సైట్‌లో మీ దగ్గరున్న గేమ్‌లను కలెక్షన్‌గా పెట్టుకోవచ్చు. ధరలు పోల్చి చూసే చోటే మీ దగ్గర ఉందన్న గుర్తు కనిపిస్తుంది. అయితే కీ వాడారా లేదా, డీఎల్‌సీ ఎక్కడుంది అన్న ప్రశ్నలకు జవాబు మీ షీట్‌లోనే ఉంటుంది.

అన్నీ దాటి రెండోసారి కొనేస్తే వెనక్కి ఇచ్చే దారి ఉంది, గడువు మాత్రం చిన్నది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఎపిక్‌లోనూ ఇంచుమించు అదే నియమం. జీఓజీ 30 రోజులు ఇస్తుంది, ఆడినా ఫర్వాలేదంటుంది. కాబట్టి సేల్‌లో కొన్నవాటిని కొన్న వారంలోనే షీట్‌లో ఎక్కించాలి. రంగు పడితే అప్పటికి ఇంకా సమయం మిగిలి ఉంటుంది. నెలాఖరుకు రాద్దామని వదిలేస్తే షీట్ మీకు నిజం చెబుతుంది గానీ డబ్బు రాదు.

మొదలుపెట్టే వాళ్లకు ఒక సలహా. చాలామంది చేసినట్టు స్టీమ్‌తో మొదలుపెట్టకండి. స్టీమ్‌లో ఉన్నది స్టీమే చూపిస్తుంది, దానికోసం తొందరేమీ లేదు. ముందు వాడని కీలు ఉన్న బండిల్‌లు రాయండి, తర్వాత ఇచ్ బండిల్‌లు, ఆ తర్వాత ఎపిక్ ఉచితాలు. ఎపిక్ ఖాతాలోని లావాదేవీల పేజీలో సున్నా ధరతో తీసుకున్నవి కూడా తేదీలతో ఉంటాయి. ఆ మూడూ అయ్యాక స్టీమ్‌ను మేనేజర్‌తో తెచ్చుకోవచ్చు. ఈ గురువారం ఎపిక్‌లో గేమ్ తీసుకున్నప్పుడు, ఆ పేజీ మూసేలోపే దాని వరుస కూడా రాసేయండి.